పదవీ విరమణ సభకు ఆటవెలది చాలు

బడిలో ఎవరైనా పదవీ విరమణ చేస్తున్నారంటే తెలుగు మాస్టారికి ముందుగానే కబురు వస్తుంది. సన్మాన పత్రం ఎలాగూ అచ్చవుతుంది, శాలువా, పూలదండ ఎలాగూ వస్తాయి, వాటితో పాటు "మీరు నాలుగు పద్యాలు రాయండి" అంటారు. ఆ నాలుగు పద్యాలు ఏ ఛందస్సులో ఉండాలి, అందులో ఎంత హాస్యం ఉండవచ్చు అన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. తోటి ఉద్యోగికి వీడ్కోలు చెప్పే పద్యం ఉత్పలమాలలో కాక ఆటవెలదిలో ఉండాలని, అందులోని హాస్యం ఆయన స్వయంగా నవ్వుకునే విషయాల నుంచే రావాలని నేను నమ్ముతాను. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటికి సంబంధం ఉందని కూడా అంటాను.

ముందు వృత్తాల సంగతి చూద్దాం. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, వాటిలో ఏది గురువో ఏది లఘువో ముందే నిర్ణయమై ఉంటుంది. దానికి తోడు పదో అక్షరం యతిస్థానం, నాలుగు పాదాలలోనూ రెండో అక్షరానికి ప్రాస. ఇంత కట్టుబాటులో రోజువారీ మాట మనం పెట్టదలచిన చోట ఇమడదు. అందుకని రాసేవాడు సమాసాలను ఆశ్రయిస్తాడు: సౌజన్యమూర్తి, విద్వద్వరేణ్యుడు, అజాతశత్రువు. పద్యం గంభీరంగా వినిపిస్తుంది, సభలో చప్పట్లు కూడా పడతాయి. కానీ పద్యంలోని పేరును వేలితో మూసి చదివి చూడండి. అది గత నెల వెళ్ళిపోయిన డ్రిల్లు మాస్టారికీ సరిపోతుంది, వచ్చే ఏడాది వెళ్ళబోయే ప్రధానోపాధ్యాయురాలికీ సరిపోతుంది. ముప్ఫై ఏళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి అలాంటి పద్యం చదవడం నాకు అన్యాయంగా తోస్తుంది. వృత్తాల మీద నాకు గౌరవం లేక కాదు, వాటిలో సునాయాసంగా మాట్లాడగలిగినవారు ఎప్పుడూ ఉన్నారు. నేను మాట్లాడుతున్నది ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే పద్యం కట్టే మనబోటి వారి గురించి.

ఆటవెలది నియమం చిన్నది. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. మూడోది మొదటి దానిలాగా, నాలుగోది రెండో దానిలాగా నడుస్తాయి. సూర్యగణాలు రెండే: గురువు తరువాత లఘువు వస్తే హగణం, మూడూ లఘువులైతే నగణం. ఇంద్రగణాలు ఆరు ఉన్నాయి కనుక అక్కడ వెసులుబాటు ఎక్కువ. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. ప్రాస నియమం లేదు.

ఇప్పుడు మనం స్టాఫ్ రూములో మాట్లాడే మాటలను తీసుకుని చూడండి. మీరు, మీకు, మాకు, మేము, సారు, గారు, లెక్క, గంట, బోర్డు, బెల్లు, ఫైలు, బిల్లు: ఇవన్నీ హగణాలే. సెలవు నగణం. సుద్దముక్క రెండు హగణాలు. అంటే మన మధ్య రోజూ తిరిగే మాటలు ఏ మార్పూ లేకుండా సూర్యగణాలలో కూర్చుంటాయి, ఆటవెలదిలో ఇరవై గణాలుంటే అందులో పదహారు సూర్యగణాలు. ఈ ఛందస్సును నేను ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం పాదాల పొడవు. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే కనుక రెండు, నాలుగు పాదాలు ఎప్పుడూ పదిహేను మాత్రలు. ఒకటి, మూడు పాదాలలో ఇంద్రగణాలు నాలుగో ఐదో మాత్రలు తీసుకుంటాయి కాబట్టి అవి పదిహేడు నుంచి పంతొమ్మిది మాత్రల వరకు సాగుతాయి. పొడుగు పాదంలో విషయం ఎత్తుకుని పొట్టి పాదంలో విడిచిపెట్టవచ్చన్నమాట. చమత్కారానికి కావలసిన నడక ఈ ఛందస్సులో పుట్టుకతోనే ఉంది. వేమన పద్యాల వల్ల ఆ నడక మన చెవులకు చిన్నప్పటి నుంచీ అలవాటై ఉంది కనుక, నాలుగో పాదం వస్తోందంటే సభలో వారంతా తెలియకుండానే దాని కోసం ఎదురుచూస్తారు. అయితే వేమన మకుటాన్నే తెచ్చి చివర పేరు మార్చి అతికించే పద్ధతి నాకు నచ్చదు. నాలుగు పాదాలలో ఒకటి అరువు పోతే ఆ మనిషి గురించి చెప్పడానికి మనకు మిగిలేది మూడే.

మా లెక్కల మాస్టారి కోసం రాసిన పద్యాలను ఇక్కడ విప్పి చూపిస్తాను. పద్యం మొదలుపెట్టక ముందు నేను ఆయన గురించి వచనంలో కొన్ని వాక్యాలు రాసుకున్నాను. గుణగణాలను పక్కన పెట్టి, కంటికి కనిపించే అలవాట్లను మాత్రమే రాశాను. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. ఒక ఆదివారం కూరగాయల కొట్టులో ఆ సుద్దముక్క తీసి బల్ల మీదే కూడిక వేశారు. ఈ ముచ్చట ఆయనే స్టాఫ్ రూములో చెప్పి నవ్వించారు. ఎవరు సెలవు పెట్టినా తన లీజర్ పీరియడ్ వదులుకుని ఆ తరగతికి వెళతారు. తరగతి ముగియగానే తరువాత వచ్చేవారి కోసం బోర్డు శుభ్రంగా తుడిచి గాని బయటికి రారు. ఇంకా చాలా ఉన్నాయి కానీ పద్యానికి ఒక్క అలవాటు చాలు, మూడు పద్యాలకు మూడు చాలు. పంచరత్నాలు రాయాలన్న సరదా చాలామందికి ఉంటుంది గాని, మధ్యాహ్నం భోజనాలయ్యాక పది మంది ప్రసంగాల నడుమ ఐదు పద్యాలు వినడం ఎవరికైనా భారమే.

మొదటి పద్యం ఇది:

సుద్దముక్క లేని చొక్కాలు మీకేవి?
జేబు తడిమి చూడ సెలవునాడు
కూరకొట్టు బల్ల కూడిక పలకయ్యె,
కొసరుకైన లెక్క కుదిరె, సారు!

మొదటి పాదంలో నేను ముందు పెట్టాలనుకున్నది "చొక్కా జేబు" అన్న మాట. నాలుగో గణం అక్కడ మొదలవ్వాలి, "చొక్కాజే" అనగానే వరుసగా మూడు గురువులు వస్తాయి, మూడు గురువులతో మొదలయ్యే ఇంద్రగణం లేదు. అందుకని జేబును రెండో పాదం మొదటికి జరిపాను. అది మంచికే జరిగింది, ఎందుకంటే "జే"కు "సెలవు"లోని "సె"తో యతి కుదిరింది. చ, జ, శ, ష, స అక్షరాలకు తమలో తమకు యతి చెల్లుతుంది. ఎ, ఏ అచ్చులకు కూడా మైత్రి ఉంది. మొదటి పాదంలోని "సు"కు "చొ" కుదరడం కూడా ఈ నియమం వల్లనే.

నాలుగో పాదం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అది మొదట "కొసరుకైన లెక్క కట్టినారు" అని వచ్చింది. గణాలు సరిపోయాయి. చూపుకు యతి కూడా సరిపోయినట్టే ఉంటుంది, రెండు చోట్లా కకారమే కదా. కానీ యతికి హల్లు ఒక్కటే కలిస్తే చాలదు, దాని మీది అచ్చు కూడా కలవాలి. "కొ"లోని ఒకారానికీ "క"లోని అకారానికీ మైత్రి లేదు. కొత్తగా రాసేవారి పద్యాలలో ఎక్కువగా కనబడే దోషం ఇదే, ఎందుకంటే కాగితం మీద అది కంటికి ఆనదు. పాదాన్ని రెండు మూడు సార్లు పైకి చదివి, మొదటి అక్షరాన్నీ నాలుగో గణం మొదటి అక్షరాన్నీ ఒత్తి పలికితే చెవికి తెలుస్తుంది. ఒకారానికి ఉకారంతో మైత్రి ఉంది కనుక "కు"తో మొదలయ్యే మాట వెతికితే "కుదిరె" దొరికింది.

ఆ మార్పు వల్ల ఛందస్సుతో పాటు భావం కూడా బాగుపడింది. "కొసరుకైన లెక్క కట్టినారు" అంటే, కొట్టువాడు ఊరికే వేసే గుప్పెడు కూరను కూడా లెక్క అడిగిన పిసినారి అన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ఆయన పిసినారి కాదు, కానీ సభలో వెనుక వరుసలో కూర్చున్న బంధువులకు ఆ సంగతి తెలియదు. "లెక్క కుదిరె" అన్నప్పుడు ఆ మరక పోయి, లెక్కకు అందని కొసరు కూడా ఆయన చేతిలో లెక్కకు అందిందన్న చిన్న మెచ్చుకోలు మిగిలింది. హాస్యం మెత్తగా ఉండాలి అన్న మాటకు నా దృష్టిలో అర్థం ఇదే: ఒక్క క్రియాపదం మార్చి చూసి, ఏది చదివితే ఆయన భార్యాపిల్లలు కూడా నవ్వగలరో దాన్ని ఉంచుకోవడం.

రెండో పద్యంలో నవ్వును మా వైపు తిప్పాను.

మేము సెలవు పెట్ట, మీ లీజరే పోయె
మారుమాట లేక మరల మరల;
లీజరప్పు రేపు లెక్కించి తీర్చేము,
వడ్డితోడ మీరు వాడుకోండి!

దీనికి మూలమైన వచన వాక్యం "మేం సెలవు పెడితే మీ లీజరు పోయేది" అన్నది. అది దాదాపు పద్యంగానే ఉంది. "పెడితే"లో రెండు లఘువుల మీద గురువు పడుతుంది కనుక సూర్యగణం కాదు, "పెట్ట" అంటే హగణం అవుతుంది. "పోయేది" అంటే ఒక అక్షరం మిగిలిపోతుంది, "పోయె" అంటే సరిపోతుంది. ఈ మాత్రపు పాత రూపాలు పద్యంలో ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండవు. అటుపక్క "వాడుకోండి" అన్నది నూటికి నూరుపాళ్ళు వాడుక మాట, రెండు హగణాలుగా కూర్చుంది. అక్కడ "వాడుకొనుడు" అన్నా గణం సరిపోతుంది, కానీ ఆ మాట నోట పలికిన క్షణంలో మేము ఆయనతో మాట్లాడడం మానేసి గ్రంథం చదువుతున్నట్టు అయిపోతుంది. ఒకే పద్యంలో రెండు రకాల భాష ఉండరాదని నియమం పెట్టే పండితులున్నారు. వారి మాట కావ్యానికి వర్తిస్తుందని ఒప్పుకుంటాను. స్టాఫ్ రూము పద్యానికి మాత్రం చివరి పాదం మాట్లాడే భాషలోనే ఉండాలని నా పట్టు. "లీజరప్పు" అన్న సంధి వినగానే జనం నవ్వుతారు. పరాయి మాట మీద మన ఉకార సంధి అంత అలవోకగా జరగడంలోనే ఆ నవ్వు ఉంది కనుక దానికి వేరే చమత్కారం అక్కరలేదు.

సంబోధన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పద్య సంప్రదాయంలో దేవుణ్ణయినా రాజునయినా "నీవు" అనే అంటారు, అందుకని వీడ్కోలు పద్యాలలో కూడా చాలామంది అలవాటుగా "నీ సేవలు", "నీదు కీర్తి" అని రాస్తారు. నిన్నటి దాకా "సార్, మీరు" అన్న మనిషిని మైకు ముందు "నీవు" అనడం నాకు మింగుడుపడదు. వృత్తం రాసేవారికి అది ఛందస్సు తెచ్చిపెట్టిన ఇబ్బంది అయి ఉండవచ్చు. ఆటవెలదిలో ఆ ఇబ్బంది లేదు, "మీరు" హగణమే గనుక సూర్యగణం ఉన్న ఏ చోటనైనా పడుతుంది.

పేర్ల విషయంలో మాత్రం ఛందస్సు మన మాట వినదు, మనమే దాని మాట వినాలి. రాజ్యలక్ష్మి గారు అన్నది వరుసగా మూడు హగణాలు, ఆటవెలదిలో ఏ పాదం మొదట్లోనైనా హాయిగా ఒదుగుతుంది. సుబ్బారావు అన్న పేరులో మూడు గురువుల తరువాత లఘువు ఉంది. అది పొట్టి పాదాలలో పట్టనే పట్టదు, పొడుగు పాదం చివర "మనకు సుబ్బారావు" అన్నట్టుగా రెండు ఇంద్రగణాల మీద పరుచుకోవాలి. వెంకటేశ్వర్లు గారికైతే నేను ఆటవెలదిని వదిలి తేటగీతి పడతాను. తేటగీతిలో ఒక సూర్యగణం మీద రెండు ఇంద్రగణాలు వస్తాయి కనుక పాదం మొదట "వెంక" హగణంగా, "టేశ్వర్లు" తగణంగా ఆ పేరు విరగకుండా నిలుస్తుంది. పేరు ఎక్కడా పట్టకపోతే బలవంతంగా కుదించి "వెంకటేశు" అనడం కన్నా "సారు", "మాస్టారు" అని ఊరుకోవడం మేలు. అసలు "పదవీ విరమణ" అన్న మాటను కూడా పద్యంలోకి లాగనక్కరలేదు. ఎందుకు కూర్చున్నామో సభలో అందరికీ తెలుసు.

హాస్యానికి పనికిరాని విషయాలు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదమైనది పుట్టిన తేదీ. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి 62 ఏళ్ళకు, తెలంగాణలో 2021 నుంచి 61 ఏళ్ళకు ఉద్యోగులు విరమణ చేస్తున్నారు. సర్వీసు రిజిస్టరులోని తేదీని బట్టి ఆ నెలాఖరుకు, ఒకటో తేదీ పుట్టినవారైతే అంతకు ముందు నెలాఖరుకు బయటికి వస్తారు. జీతం, పింఛను అన్నీ ఆ తేదీ మీద ఆధారపడి ఉన్నప్పుడు, "బడిలో వేసిన వయసు వేరు, అసలు వయసు వేరు" అన్న సరదా మాట అధికారుల సమక్షంలో ఆరోపణలా వినిపిస్తుంది. పింఛను కాగితాలు, రావలసిన బకాయిలు కూడా అటువంటివే. ఆయన మనసులో ఆ దిగులు నిజంగానే ఉండి ఉంటుంది. ఇక "రేపటి నుంచి ఇంట్లో అమ్మగారే హెడ్మాస్టరు" అన్న హాస్యం ప్రతి సభలోనూ ఎవరో ఒకరు ప్రసంగంలో ఎలాగూ వాడేస్తారు, పైగా ఆ అమ్మగారు మొదటి వరుసలోనే కూర్చుని ఉంటారు. జుట్టు, చూపు, మోకాళ్ళు, రాకుండా పోయిన ప్రమోషను గురించి వేరే చెప్పనక్కరలేదు.

మూడో పద్యంలో హాస్యాన్ని కొంచెం తగ్గించాలి, పూర్తిగా తీసేయకూడదు. రెండు పద్యాలు నవ్వించి మూడోది ఒక్కసారిగా కన్నీళ్ళలోకి దిగితే వినేవారికి మెట్టు తప్పినట్టు ఉంటుంది.

బోర్డు తుడిచి వెళ్ళు బుద్ధిమంతులు మీరు,
తుడిచినారు గాని తొలగలేదు
వెనుకబల్లవాని వేలికొసల లెక్క;
చెరుపు డస్టరేది, చెప్పరండి!

"బుద్ధిమంతులు" అన్నది ఆయన పిల్లలను మెచ్చుకునే మాట. దానితో ఆయననే మెచ్చుకోవడంలో కొంచెం చిలిపితనం ఉంది, అమర్యాద లేదు. రెండో పాదం చివర వాక్యం ఆగదు. ఏది తొలగలేదో మూడో పాదంలో గాని తెలియదు. ఆ ఆలస్యాన్ని కావాలనే ఉంచాను. మూడో పాదంలో మొదట "మీరు చెప్పినట్టి మేలైన మాటలు" అన్నది కూడా రాసి చూశాను. గణాలూ యతీ అన్నీ చక్కగా ఉన్నాయి, కానీ ఆ పాదం సాంఘిక శాస్త్రం మాస్టారికి కూడా సరిపోతుంది కనుక కొట్టేశాను. వెనుక బల్ల మీద కూర్చుని వేళ్ళు ముడుస్తూ లెక్క వేసుకునే పిల్లవాడు లెక్కల మాస్టారికే చెందినవాడు. నాలుగో పాదంలోని "డస్టరు" లేకపోతే ఈ పద్యం సన్మాన పత్రంలోకి వెళ్ళిపోయేది; ఆ ఒక్క మాట దాన్ని బడిలోనే ఉంచింది.

చదివే తీరు గురించి ఒక మాట. ఈ పద్యాలను రంగస్థలం మీది పద్యాలలా రాగం తీసి చదివితే హాస్యం ఆ రాగంలో కొట్టుకుపోతుంది. గణాల దగ్గర విరిచి చదివినా అర్థం ముక్కలవుతుంది. మాట్లాడినట్టుగా, కామా ఉన్న చోట ఆగుతూ చదవాలి: "మేము సెలవు పెట్ట" అని కాస్త ఆగి, "మీ లీజరే పోయె మారుమాట లేక" అని పాదం దాటి వెళ్ళిపోయి, "మరల మరల" దగ్గర మళ్ళీ ఆగాలి. చదివిన తరువాత తాత్పర్యం చెప్పకూడదు. తాత్పర్యం చెప్పాల్సిన అవసరం కనిపిస్తే ఆ పద్యాన్ని ముందురోజే మార్చుకోవాలి. దాన్ని కనిపెట్టడానికి తెలుగుతో పని లేని సహోద్యోగి ఒకరికి, ఆఫీసు గుమాస్తాకో పీఈటీకో, ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు. ఎక్కడ ఆయన ముఖం ప్రశ్నార్థకం అవుతుందో ఆ మాటను మార్చాలి. నవ్వవలసిన చోట నవ్వకుండా "ఇది చదివితే ఆయన ఏమైనా అనుకుంటారేమో" అని అడిగారంటే ఆ పద్యాన్నే వదిలేయాలి.

సభ ముగిశాక కాగితాన్ని ఆయన చేతికి ఇవ్వాలి గనుక, గణవిభజన గీతలు లేకుండా, పాదాలు నాలుగు వరుసల్లో స్పష్టంగా, పెద్ద అక్షరాలతో మరొక ప్రతి రాసి పెట్టుకుంటాను. కింద తేదీ, బడి పేరు, మా అందరి సంతకాలు ఉంటాయి. లీజరప్పు పద్యం కింద మాత్రం ఎక్కువ సెలవులు పెట్టినవారి చేత ముందుగా సంతకం చేయిస్తాను.